ఇంగ్లీషు ప్రతి అసలు అర్జీ కాదు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం నెట్ సెంటర్లలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. పోర్టల్‌లో టైపు చేసే ఇంగ్లీషే అసలు అర్జీ, ఊరి నుంచి తెచ్చిన తెలుగు కాగితం దానికి చిత్తుప్రతి. కాబట్టి తెలుగులో ఏముందో పైపైన చూసి, సారాంశం తీసి, దాన్ని బరువైన ఆఫీసు ఇంగ్లీషులో పెడితే ఢిల్లీలో విలువ ఉంటుంది. ఈ మాట నెట్ సెంటర్ కుర్రాడొక్కడే అనడం లేదు. ఊళ్లో చదువుకున్న పిల్లలు, రిటైరైన టీచర్లు, కొన్ని సంఘాల కార్యకర్తలు కూడా అంటున్నారు. పోడు రైతు కూడా నమ్ముతున్నాడు. తనకు అర్థం కాని భాషలో తన గోడు ఎంత గంభీరంగా వినిపిస్తే అంత మంచిదనుకుంటున్నాడు.

ఇది తప్పు. ఈ అటవీ సరిహద్దులో ఆ తప్పుకు రైతులు భూమి రూపంలో మూల్యం చెల్లిస్తున్నారు. ఎలాగో చెప్పడానికి ఒక మామూలు అర్జీని తీసుకుంటాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు. ములకలపల్లి, చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల నుంచి వచ్చే అర్జీలు చాలావరకు ఒకే మాదిరిగా ఉంటాయి. వాటి నుంచి కూర్చిన నమూనా ఇది.

అందులో ఇలా ఉంటుంది. మేము కోయవాళ్లం. గూడెం పక్కన మా పోడు భూమి 2 ఎకరాల 20 గుంటలు. మా నాయన కాలం నుంచి దున్నుకుంటున్నాం, 86 వరదలప్పుడు కూడా అందులో మా జొన్న ఉంది. గ్రామసభ తీర్మానం చేసింది, అటవీ హక్కుల కమిటీ వచ్చి కొలిచింది. పట్టా మాత్రం 1 ఎకరం 10 గుంటలకే వచ్చింది. మిగతాది ఎందుకు తీసేశారో మాకు ఏ కాగితమూ ఇవ్వలేదు. మొన్న జూన్‌లో ఫారెస్టు వాళ్లు ఆ మిగతా భూమిలో కందకం కొట్టారు. కావున తమరు దయతలచి మా భూమికి పట్టా ఇప్పించగలరు.

ముందు వెనుకల్లో మన్నింపులు, మర్యాదలు, 'తమ విధేయుడు' ఉంటాయి. వాటిని పక్కన పెడితే మిగిలేది ఏడెనిమిది వాక్యాలు. ఆ వాక్యాల్లో ఒక్కటి కూడా వృథా కాదు. అటవీ హక్కుల చట్టం, 2006 అడిగే విషయాలు దాదాపు అన్నీ వాటిలో ఉన్నాయి. చట్టం చదవని మనిషి చట్టానికి కావలసిన అర్జీ రాశాడు. రోజూ ఆ గొడవలోనే బతుకుతున్నాడు కనుక ఏది ముఖ్యమో అతనికి తెలుసు.

ఇప్పుడు దీన్ని కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో, అంటే pgportal.gov.in లో పెట్టాలి. నెట్ సెంటర్‌లో తయారయ్యే ఇంగ్లీషు ఎలా ఉంటుందో ఈ పని చూసినవాళ్లందరికీ తెలుసు. 'టైమ్ ఇమ్మెమోరియల్' నుంచి 2.20 ఎకరాల అటవీ భూమిని 'ఎన్‌క్రోచ్' చేసి 'షిఫ్టింగ్ కల్టివేషన్' చేస్తున్నామని, పంచాయతీ తీర్మానం కూడా ఉందని, 'ట్రెంచ్' తవ్వబడిందని, దయచేసి మా ఆక్రమణను 'రెగ్యులరైజ్' చేసి పట్టా మంజూరు చేయాలని, మా కేసును సానుభూతితో పరిశీలించాలని. వినడానికి నిండుగా ఉంటుంది. రాసినవాడు మంచి మనసుతోనే రాశాడు, ముప్పయ్యో యాభయ్యో తీసుకుని ఉంటాడు, అందులో అన్యాయం లేదు. కానీ ఆ నాలుగు వాక్యాలతో రైతు నిలబడిన చట్టం మారిపోయింది.

మొదటి దెబ్బ ఆక్రమణ అన్న మాటతో తగులుతుంది. తెలుగులో భూమిని ఆక్రమించుకున్నాడంటే రెండు అర్థాలూ వస్తాయి. ఒకటి, పట్టుకుని సాగు చేసుకుంటున్నాడని. రెండోది, తనది కానిదాన్ని అక్రమంగా కలుపుకున్నాడని. ఇంగ్లీషు చట్టాల్లో ఇవి రెండు వేరు మాటలు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎ) వాడే మాట 'ఆక్యుపేషన్'. నివాసం కోసమో బతుకుతెరువు కోసం సొంత సాగుకో చేతిలో ఉంచుకున్న భూమి అని. ఆ మాట మీదే హక్కు నిలబడుతుంది. 'ఎన్‌క్రోచ్‌మెంట్' అటవీ శాఖ నేరాల రిజిస్టరులో ఉండే మాట. మన అర్జీలో రైతు 'దున్నుకుంటున్నాం' అని మాత్రమే రాశాడు. నేరాన్ని అతని నోట పెట్టింది అనువాదమే. ఒకవేళ తెలుగు కాగితంలోనే 'ఆక్రమించుకుని' అని ఉంటే, అనువాదకుడు ఆ మనిషిని అడిగి ఏ అర్థంలో రాశాడో తెలుసుకోవాలి. అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది.

రెండో దెబ్బ ఇంకా లోతైనది, ఎందుకంటే అది మంచి మాటలా కనిపిస్తుంది. క్రమబద్ధీకరించండి అని అడగడం మర్యాదగా, చట్టబద్ధంగా ఉందనిపిస్తుంది. అడవి విషయంలో ఆ మాటకు ఒక పాత చరిత్ర ఉంది. 1990 సెప్టెంబరు 18న కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ ఆక్రమణల క్రమబద్ధీకరణపై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం క్రమబద్ధీకరణకు అర్హత ఉన్నది 1980 అక్టోబరు 25కు ముందు నాటి ఆక్రమణలకే. అటవీ సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చిన తేదీ అది. 2006 చట్టం దారి వేరు. అది దేన్నీ క్రమబద్ధీకరించదు, ఉన్న హక్కును గుర్తిస్తుంది. దాని గడువు తేదీ 2005 డిసెంబరు 13.

ఇప్పుడు మన రైతు రాసిన 86 వరదల మాట చూడండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు పెళ్లిళ్లు, పుట్టుకలు, ఇళ్లు కట్టుకున్న ఏళ్లు ఆ వరద ముందా తరువాతా అని లెక్క కడతారు. ఆ వరదనాటికి పొలంలో జొన్న ఉందంటే 2005 గడువుకు పంతొమ్మిదేళ్ల ముందే సాగు ఉన్నట్టు. చట్టం నియమావళిలోని 13వ నియమం అర్జీదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెట్టి సాక్ష్యంగా ఇవ్వవచ్చని చెబుతోంది. కాబట్టి ఆ వాక్యం ఈ అర్జీకి వెన్నెముక. అదే రైతు క్రమబద్ధీకరణ కోరితే 1986 అనేది 1980 తరువాత వచ్చే సంవత్సరం. సాక్ష్యం అదే, భూమి అదే, రైతు అదే. అడిగిన మాట మారితే గెలిపించే తేదీ ఓడించే తేదీ అవుతుంది.

ఇక నెట్ సెంటర్ ఇంగ్లీషులో 86 వరద అసలు లేనే లేదు. దాన్ని ఊరి కబురుగా తీసేసి 'టైమ్ ఇమ్మెమోరియల్' అని పెట్టారు. ఆ పదబంధం గంభీరంగా ఉంటుంది కానీ దానితో ఏ అధికారీ ఏదీ సరిచూడలేడు. వరదను సరిచూడగలడు. భద్రాచలంలో ఆ సంవత్సరం తెలియని ఉద్యోగి ఉండడు. పల్లెటూరి లెక్కలంటే మన చదువుకున్నవాళ్లకు ఎందుకో సిగ్గు. కాగితం మీద ఉన్న ఒకే ఒక్క గట్టి ఆధారాన్ని ఆ సిగ్గు కొట్టేస్తోంది.

పోడు అన్న మాటకూ ఇదే గతి. 'షిఫ్టింగ్ కల్టివేషన్' అంటే ఒక చోట చెట్టు కొట్టి కాల్చి రెండు మూడేళ్లు పండించి మరో చోటికి మారిపోయే సాగు. పాత గెజిటీర్లలో పోడుకు ఆ అర్థం ఉంది, కొండరెడ్ల గుట్టల మీద అలాంటి సాగు జరిగిందీ నిజమే. ఇవాళ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు అంటే గెట్లు వేసుకుని ఏటా అరక తోలి పత్తో జొన్నో వేసే చేను. సాగు మారుతూ ఉంటుందని రాసిస్తే, ఈ రెండున్నర ఎకరాలు ఎప్పటి నుంచీ మీ చేతిలోనే ఉన్నాయా అన్న ప్రశ్నకు మీరే కాదని జవాబు చెప్పినట్టు. పోడును పోడు అనే ఉంచి, పక్కన అదే చోట ఏటా చేసే సొంత సాగు అని ఒక ముక్క కలిపితే సరిపోతుంది. తెలుగు మాటను ఇంగ్లీషు లిపిలో ఉంచితే నామోషీ అని ఎవరు చెప్పారు? తెలంగాణ ప్రభుత్వమే తన ఇంగ్లీషు కాగితాల్లో పోడు అని రాస్తుంది.

ఇప్పుడు అంకెలు. 2 ఎకరాల 20 గుంటలను పహాణీలో 2-20 అనో 2.20 అనో రాయడం మనకు అలవాటు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు, అంటే 1.01 హెక్టార్లు. ఆ 2.20ని అలాగే ఇంగ్లీషు పెట్టెలో టైపు చేస్తే, చదివేవాడు దాన్ని దశాంశంగా తీసుకుంటాడు. 2.20 ఎకరాలు అంటే 0.89 హెక్టార్లు. చుక్క చదివిన తీరు వల్ల పన్నెండు గుంటలు పోయాయి, అంటే 1,452 చదరపు గజాలు. పట్టా వచ్చిన 1.10 కూడా నిజానికి ఎకరంపావు. తీసేసిన భూమి కూడా ఎకరంపావే, కానీ దశాంశాల్లో అది 1.10 ఎకరాలు అయిపోతుంది. రైతు తనకు దక్కని భూమిని తన అర్జీలో తానే తగ్గించి అడిగినట్టయింది.

ఇక్కడ భద్రాచలానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. 2014లో పోలవరం ముంపు పేరుతో మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిపోయాక, భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండి, పక్కనున్న ఎటపాక ఆంధ్రలో ఉంది. భద్రాచలంలోని ఒకే నెట్ సెంటర్‌కు రెండు రాష్ట్రాల వాళ్లూ వస్తారు. కూనవరం, చింతూరు వైపు నుంచి వచ్చినవాళ్లు 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి వంద సెంట్లు కనుక వాళ్లకు దశాంశం సరిగ్గానే కుదురుతుంది. అవతల కూర్చున్న అధికారికి ఈ తేడా తెలియదు. అందుకని ఎకరాలు, గుంటలు, సెంట్లు అని మాటల్లోనే రాసి, పక్కన హెక్టార్లు ఇవ్వడం ఒక్కటే దారి. పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా ఎంచుకునేటప్పుడు కూడా ఊరు ఏ వైపుదో రైతును అడిగి ఎంచుకోవాలి. భద్రాచలం అనగానే తెలంగాణ నొక్కేస్తే ఎటపాక వైపు వాళ్ల అర్జీ పరాయి జిల్లాకు పోతుంది.

అన్నట్టు, శాఖను ఎంచుకోవడం కూడా అనువాదంలో భాగమే. అటవీ భూమి అన్న మాట చూడగానే పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖను నొక్కేవాళ్లే ఎక్కువ. 2006 చట్టం 11వ సెక్షన్ ప్రకారం దాని అమలుకు నోడల్ ఏజెన్సీ గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ. కందకం కొట్టిన శాఖ వైపే ఫిర్యాదు పంపి, ఏమైందో చెప్పమనడం ఎవరి మంచికి?

ఇంగ్లీషే అసలు అన్న అభిప్రాయం వైపు నుంచి వచ్చే గట్టి వాదన ఒకటి ఉంది. దాన్ని దాటవేయకూడదు. రోజుకు ఎన్నో ఫిర్యాదులు చూసే అధికారికి సమయం ఉండదు, పెట్టెలో చోటూ తక్కువే, పైగా ఢిల్లీలో తెలుగు చదవలేరు, కాబట్టి సారాంశం ఇవ్వడమే తెలివి అంటారు. సమయం మాట నిజం. చోటు మాటా నిజం. దేన్ని తగ్గించాలన్నదే గొడవ. మన తెలుగు అర్జీల్లో మహారాజశ్రీ నుంచి దివ్యసముఖం దాకా, మా దీనస్థితి గురించిన పేరా దాకా తీసేయదగినవి చాలా ఉన్నాయి. వాటిని తీసేసినా రైతుకు నష్టం లేదు. వాడుకలో ఉన్న సారాంశం మాత్రం తలకిందులుగా పని చేస్తోంది. ప్రార్థనలు, సానుభూతి, 'హంబ్లీ', 'కైండ్లీ' మిగిలిపోతున్నాయి. వరద, గుంటలు, నోటీసు, జూన్ నెల ఎగిరిపోతున్నాయి.

నోటీసు వాక్యం సంగతి విడిగా చెప్పాలి. ఏ కాగితమూ ఇవ్వలేదు అని రైతు రాసినదాన్ని నెట్ సెంటర్ వాళ్లు ఫిర్యాదులో ఒక ఏడుపుగా చూసి వదిలేశారు. 2012లో సవరించిన నియమాల ప్రకారం క్లెయిమును తిరస్కరించినా, తగ్గించినా ఆ నిర్ణయాన్ని అర్జీదారుకు స్వయంగా తెలియజేయాలి. తెలియజేస్తేనే అతను అరవై రోజుల్లో పై కమిటీకి వెళ్లగలడు. కాగితం ఇవ్వలేదంటే ఆ గడువును అతని మీద రుద్దడానికి వీల్లేదని వాదించే ఆధారం దొరికినట్టే. ఇది ఎంత పెద్ద విషయమో 2019లో దేశమంతా చూసింది. తిరస్కరించిన క్లెయిముల వాళ్లను ఖాళీ చేయించాలని ఫిబ్రవరి 13న ఉత్తర్వు ఇచ్చిన సుప్రీంకోర్టు, ఫిబ్రవరి 28న దాన్ని నిలిపివేసి, తిరస్కరించేటప్పుడు ఏ విధానం పాటించారో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఇలాంటి అర్జీల్లోని ఇలాంటి వాక్యాల్లోనే ఉంటుంది. ఒక మాట జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. పోర్టల్ ఫిర్యాదు జిల్లా స్థాయి కమిటీకి చేసుకునే అప్పీలుకు బదులు కాదు. పోర్టల్‌లో పెట్టాం కదా అని ఆ అరవై రోజులను పోనివ్వకూడదు.

అలాగే 'ఫారెస్టు వాళ్లు జూన్‌లో కందకం కొట్టారు' అన్న వాక్యం. క్లెయిము పరిశీలన పూర్తయ్యేదాకా సాగుదారును ఖాళీ చేయించరాదని చట్టం 4(5) సెక్షన్ చెబుతోంది. ఎవరు, ఎప్పుడు అన్నవి ఉంటేనే ఆ సెక్షన్ పని చేస్తుంది. 'కందకం తవ్వబడింది' అని కర్మణి ప్రయోగంలో రాస్తే ఎవరూ చేయని పని అయిపోతుంది. మర్యాదైన ఇంగ్లీషు అనుకుంటున్నది ఇక్కడ బాధ్యుణ్ణి దాచే ఇంగ్లీషు. గ్రామసభను పంచాయతీ అని రాయడం కూడా ఇంతే. చట్టం హక్కుల ప్రక్రియను మొదలుపెట్టే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది, పంచాయతీకి ఇవ్వలేదు. ఏజెన్సీలో గూడెం కూడా తన గ్రామసభను తాను పెట్టుకోగలదు.

కేసు అన్న చిన్న మాట ఇంకో ప్రమాదం. మన వాడుకలో కేసు అంటే నా సంగతి, నా ఫైలు. సీపీగ్రామ్స్ కోర్టు విచారణలో ఉన్న విషయాలను ఫిర్యాదుగా తీసుకోదు, సమాచార హక్కు కింద అడగాల్సిన వాటినీ తీసుకోదు. మా కేసు పెండింగులో ఉంది అని రాస్తే కోర్టులో ఉందన్న సాకు చేతికిచ్చినట్టు. మా భూమి వివరాలు ఇప్పించండి అని రాస్తే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోండి అని మూసేయవచ్చు. అటవీ శాఖ నిజంగానే ఎవరి మీదైనా కేసు పెట్టి ఉంటే అది వేరే సంగతి. దాన్ని దాచకూడదు, ఏ కోర్టులో ఏ నంబరో విడిగా చెప్పాలి. లేని కోర్టును మాత్రం తేవద్దు.

మరి ఆ నమూనా అర్జీ ఇంగ్లీషులో ఎలా ఉండాలి? పెట్టెలో టైపు చేయదగింది ఇంతే.

```
We are Koya, Scheduled Tribe. My family cultivates 2 acres 20 guntas,
that is 2.5 acres or 1.01 ha, of podu land, the same plot every year.
Our crop stood there in the Godavari flood of August 1986.
The Gram Sabha passed our claim; the FRC measured the land.
Title came for 1 acre 10 guntas only. No written reason was given to us.
In June the Forest Department dug a trench on the rest.
We ask for recognition of our right over the remaining
1 acre 10 guntas under the Forest Rights Act, 2006.
Signed Telugu letter attached.
```

ఇందులో పదో తరగతి చదివినవాళ్లకు తెలియని మాట ఏదైనా ఉందా? హుందాతనం తగ్గిందని ఎవరైనా అంటే, రైతు రాసిన తెలుగులో ఉన్న హుందాతనమే ఇందులోనూ ఉంది. అతను చెప్పనిది ఏదీ లేదు. రెండున్నర ఎకరాలు, హెక్టార్లు మన లెక్క, ఆగస్టు అన్నది వరద నెల, చట్టం పేరు అతను కోరినదానికి పెట్టిన చిరునామా. ఏటా అదే చేను అన్న ముక్క మాత్రం అతన్ని అడిగి రాయాలి. జూన్ ఏ తేదీయో, ఏ సంవత్సరమో కూడా అడగాలి. కొత్తగా తెలిసినది ఏదైనా ఇంగ్లీషులో చేర్చితే, తెలుగు కాగితంలోనూ చేర్చి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో లేకపోతే విచారణలో మొదటగా పట్టుకునేది దాన్నే. పేర్లు కూడా అంతే. ఇంటిపేరును చెవికి వినిపించినట్టు కాక, ఆధార్‌లోనూ పట్టాలోనూ ఏ అక్షరాలున్నాయో వాటితోనే టైపు చేయాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఢిల్లీకి తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషే అసలు అంటారు కదా. ఆ అర్జీ ఎంత దూరం వెళ్తుందో చూడండి. గిరిజన వ్యవహారాల శాఖలో ఎవరో చదివి రాష్ట్రానికి పంపుతారు. హైదరాబాద్ నుంచి కలెక్టరేటుకు, అక్కడి నుంచి ఐటీడీఏకో ఆర్డీవోకో, చివరికి మండలానికి వస్తుంది. విచారించి జవాబు రాయాల్సింది అక్కడే. అంటే ఆ ఇంగ్లీషును చివరగా, అన్నిటికంటే జాగ్రత్తగా చదివేది పాల్వంచలోనో భద్రాచలంలోనో కూర్చున్న తెలుగు ఉద్యోగి. అతను దాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పుకుని రైతుకు ఫోన్ చేస్తాడు. ఆక్రమణ అని మీరే రాసుకున్నారు కదా, 2.20 అని మీరే ఇచ్చారు కదా అంటాడు. రైతుకు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తను రాయని మాటకు తను జవాబు చెప్పుకోవాలి. 2024 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలి. ఆ తొందరలో ఉన్న ఉద్యోగికి ఫైలు మూయడానికి ఒక సాకు దొరికితే చాలు, మన ఇంగ్లీషు నాలుగు సాకులు ఇచ్చింది.

సంతకం చేసిన తెలుగు కాగితం పీడీఎఫ్‌గా జతపడి ఉంటే ఆ ఉద్యోగి ముందు రెండూ ఉంటాయి. తన భాషలో అసలు మాట చదవగలడు. ఇంగ్లీషు పొరపడినా తెలుగు నిలబడుతుంది. అందుకే తెలుగు ప్రతిని జత చేయడం ఒక అదనపు మర్యాద అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. స్కాన్ చేస్తే ఫైలు పెద్దదవుతుంది, ఇంగ్లీషు ఉందిగా మళ్లీ అది దేనికి అనే మాట ప్రతి సెంటర్‌లో వినిపిస్తుంది. సైజు తగ్గించడానికి ఫోన్లోనే పది రకాల దారులున్నాయి. ఒక్క పేజీ నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఏ పోర్టలూ కాదనదు.

దీనికి రాజ్యాంగం ఆసరా కూడా ఉంది. ఎవరైనా సరే తన బాధను తీర్చమని కేంద్రం, రాష్ట్రం అధికారులెవరికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇచ్చుకోవచ్చని 350వ అధికరణం చెబుతోంది. తెలుగు కాగితం చెల్లదని ఏ చట్టమూ అనడం లేదు. చెల్లదన్న భయం మనం పెంచుకున్నది. సమాచార హక్కు చట్టం కూడా ఇంగ్లీషు, హిందీలతో పాటు ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తును ఒప్పుకుంటుంది. అయినా కేంద్ర ఆర్టీఐ పోర్టల్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే పడతాయి. చట్టం ఇచ్చినదాన్ని ఒక పెట్టె తీసేసుకుంది. దాన్ని నిలదీయాల్సింది పోయి, ఆ పెట్టెలో ఇమిడేదే నిజమైన అర్జీ అని మన పిల్లలకు మనమే నేర్పుతున్నాం.

ఇంకో సంగతి. ఈ గూడేల్లో చాలామందికి తెలుగు కూడా రెండో భాషే. ఇంట్లో కోయ మాట్లాడి, బయట తెలుగులో చెప్పి, ఎవరితోనో రాయించుకుంటారు. ఆ కాగితం అప్పటికే ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలి? ఇంగ్లీషు టైపు చేశాక, సబ్‌మిట్ నొక్కకముందు, అందులో ఏముందో వాక్యం వాక్యం ఆ మనిషికి తెలుగులో తిరిగి చెప్పాలి, వీలైతే కోయ తెలిసినవాళ్ల చేత చెప్పించాలి. ఐదు నిమిషాల పని. 'మేము ఆక్రమించాం అని ఉందా? అలా మేమెప్పుడు అన్నాం?' అన్న ప్రశ్న అప్పుడే, ఆ కుర్చీ దగ్గరే వస్తుంది.

ఈ భారమంతా నెట్ సెంటర్ కుర్రాడి మీద వేయడం న్యాయం కాదని నాకూ తెలుసు. అతనికి చట్టం ఎవరూ నేర్పలేదు. భద్రాచలం ఐటీడీఏ ఈ ప్రాంతంలో ఆదివాసీల కోసమే ఉన్న సంస్థ. తమ పరిధిలోని మండలాల నుంచి ఢిల్లీకి వెళ్లే తెలుగు అర్జీలకు సరైన ఇంగ్లీషు చేసిపెట్టే మనిషిని, కోయ తెలిసిన మనిషిని, ఒక బల్ల వేసి కూర్చోబెట్టడం దానికి పెద్ద ఖర్చు కాదు. సోమవారం ప్రజావాణిలో తెలుగు కాగితం తీసుకుని రసీదు ఇచ్చే ప్రభుత్వం, అదే కాగితాన్ని ఢిల్లీ చదివేలా చేయలేనని చెప్పడానికి కారణం ఏమీ లేదు. ఆ బల్ల వేసేదాకా సంఘాలు, టీచర్లు, చదువుకున్న పిల్లలు ఈ పని చేయక తప్పదు. చేసేవాళ్లు రిజిస్ట్రేషన్ నంబరును తెలుగు కాగితం మీదే పైన రాసి రైతు చేతికివ్వాలి. జవాబు నచ్చక అప్పీలు చేయాల్సి వస్తే 30 రోజులే గడువు. అప్పుడు మళ్లీ కొత్త ఇంగ్లీషు కట్టకుండా అదే మాట, అదే లెక్క, అదే వరద సంవత్సరం పెట్టాలి.